పాటలు వస్తాయి, కాల్‌లో మాట రాదు: లోపం ఫోన్‌లోనా, కారు స్టీరియోలోనా?

ప్రశ్న: ఏడాది క్రితం కార్ డెకార్స్ షాపులో 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో వేయించాను. బ్లూటూత్ కనెక్ట్ అవుతుంది, పాటలు బాగానే వస్తాయి. నా ఆండ్రాయిడ్ ఫోన్‌కి కాల్ వస్తే మాత్రం ఎత్తాక కారులో ఏమీ వినపడదు, అవతలివాళ్లకి నేనూ వినపడను. మా ఆవిడ ఐఫోన్ కలిపితే మాట వినిపిస్తుంది కానీ అవతలివాళ్లు "బావిలోంచి మాట్లాడినట్టుంది, మా మాట మాకే తిరిగి వినిపిస్తోంది" అంటున్నారు. షాపువాళ్లు ఫోన్ ప్రాబ్లం అంటున్నారు. నా చేతికి కాలింగ్ వాచ్ ఉంటుంది, దానికీ దీనికీ సంబంధం ఉందా? స్టీరియో మార్చాలా?

జవాబు: ఇందులో ఉన్నవి రెండు వేర్వేరు లోపాలు. రెంటినీ ఒకటే అనుకుని వెతికితే ఏదీ తేలదు. మీ ఫోన్‌లో కాల్ సౌండ్ కారుకి రాకుండా ఇంకో చోటికి పోతోంది. మీ ఆవిడ ఫోన్‌తో బయటపడుతున్నది మాత్రం ఎక్కువ భాగం కారు మైకు సంగతి. వాచ్ మీద మీ అనుమానం గట్టిదే. స్టీరియో ఇప్పుడే మార్చకండి.

ముందు ఒక్క విషయం తెలుసుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పాటలు వస్తున్నాయంటే బ్లూటూత్ మొత్తం బాగున్నట్టు కాదు. పాటలు ఏ2డీపీ అనే దారిలో ఫోన్ నుంచి కారుకి ఒకవైపే వెళ్తాయి. కాల్స్‌కి హెచ్‌ఎఫ్‌పీ అనే ఇంకో దారి ఉంది. అందులో అవతలివాళ్ల గొంతు కారు స్పీకర్లకీ, మీ గొంతు కారు మైకు నుంచి ఫోన్‌కీ రెండువైపులా నడవాలి. పైగా ఆ గొంతు నడిచే లింక్ ఎప్పుడూ తెరిచి ఉండదు, కాల్ మొదలయ్యాకే తెరుచుకుంటుంది. కాల్ ఎత్తడం, కట్ చేయడం, నంబరు చూపించడం దానితో పనిలేకుండానే జరిగిపోతాయి. అందుకే స్టీరియో తెర మీద పేరూ, పరిగెత్తే సెకన్లూ అన్నీ కనిపిస్తూనే చెవికి ఏమీ వినపడని పరిస్థితి వస్తుంది.

పరీక్షలన్నీ బండి ఆపి చేయండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, అద్దాలు ఎత్తి, ఏసీ ఫ్యాన్ ఒకటి మీద పెట్టండి. కాల్ చేయడానికి ఇంట్లో ఉన్న ఒక మనిషి కావాలి. పక్క సీట్లో కూర్చున్నవాళ్ల ఫోన్‌కి చేసి చూస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఆ ఫోన్ కూడా కారు స్పీకర్ల సౌండ్‌ని పట్టుకుని కొత్త ఎకో పుట్టిస్తుంది. అవతలి మనిషి ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టకుండా, ఇయర్‌ఫోన్స్ లేకుండా, మామూలుగా చెవి దగ్గర పెట్టుకోవాలి.

మొదట మీ ఫోన్

చేతికి వాచ్ ఉంచుకునే కాల్ చేయండి. కాల్ నడుస్తుండగా ఫోన్ తెర మీద స్పీకర్ లేదా బ్లూటూత్ బొమ్మ ఉన్న బటన్ నొక్కండి. బ్లూటూత్ పరికరాలు కలిసి ఉంటే ఒక జాబితా తెరుచుకుంటుంది: ఫోన్, స్పీకర్, కారు స్టీరియో పేరు, వాచ్ పేరు. టిక్ దేని పక్కన ఉందో చూడండి. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

టిక్ వాచ్ మీద ఉంటే మీ గొంతు వాచ్ మైకులోకి వెళ్తోంది, అవతలి గొంతు వాచ్ బుల్లి స్పీకర్‌లో వస్తోంది. కారు రొదలో అది వినపడదు. వాచ్ వాల్యూం తగ్గించి ఉండి, చొక్కా చెయ్యి కూడా దాని మైకు మీద పడితే రెండువైపులా మౌనమే. కాలింగ్ వాచ్‌లు చాలావరకు ఫోన్‌తో రెండుసార్లు జతవుతాయి. ఒకటి యాప్‌కీ నోటిఫికేషన్లకీ, రెండోది కాల్స్‌కి. బ్లూటూత్ జాబితాలో ఈ రెండోది కొంచెం తేడా పేరుతో విడిగా కనిపిస్తుంది. ఎక్కువమందికి దాని సంగతే తెలియదు. దాని పక్కనున్న గేర్ బొమ్మ నొక్కితే `Phone calls` లేదా `Calls` అని ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయండి. నోటిఫికేషన్లు, అడుగుల లెక్క యథాప్రకారం వస్తాయి. నడకకి వెళ్లినప్పుడు వాచ్‌లో కాల్స్ కావాలంటే ఆ స్విచ్ ముట్టుకోకుండా వాచ్‌లోనే కాల్ బ్లూటూత్ ఆఫ్ చేసే బటన్ ఉందేమో చూడండి. కొన్నింట్లో పైనుంచి కిందికి లాగితే కనిపించే మెనూలోనే ఉంటుంది. అయితే కారెక్కిన ప్రతిసారీ గుర్తుపెట్టుకుని నొక్కాలి, కాబట్టి మొదటి పద్ధతే నయం.

జాబితాలో కారు పేరే లేకపోతే కథ వేరు. కారు పాటలకి మాత్రమే కనెక్ట్ అయి ఉంది. ఫోన్ బ్లూటూత్‌లో కారు పేరు పక్కన గేర్ నొక్కి అదే `Phone calls` స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి. ఆన్‌లోనే ఉన్నా పేరు రాకపోతే స్టీరియోలో ఇంకో ఫోన్ కాల్స్ స్థానాన్ని పట్టుకుని ఉండవచ్చు. ఇద్దరూ ఒకే కారెక్కినప్పుడు ఇది తరచూ జరుగుతుంది: కాల్స్ ఒక ఫోన్‌కి, పాటలు ఇంకో ఫోన్‌కి పంచుకుని కూర్చుంటుంది స్టీరియో. మీ ఫోన్ పరీక్షించేటప్పుడు మీ ఆవిడ ఫోన్‌లో బ్లూటూత్ పూర్తిగా ఆపేయండి, ఆమెది పరీక్షించేటప్పుడు మీది ఆపేయండి.

మూడోది: టిక్ కారు మీదే ఉంది, అయినా మౌనం. అప్పుడు కాల్ నడుస్తుండగానే స్టీరియో వాల్యూం పెంచండి, తర్వాత ఫోన్ పక్క బటన్ కూడా పైకి నొక్కండి. కాల్ వాల్యూం, పాటల వాల్యూం, రింగ్ వాల్యూం వేర్వేరుగా గుర్తుంటాయి. పాట ఆడుతుండగా ఎంత తిప్పినా కాల్ వాల్యూం సున్నాలోంచి కదలదు. మీ విషయంలో అవతలివాళ్లకి కూడా మీరు వినపడటం లేదు కాబట్టి ఒక్క వాల్యూంతో ఇది సరిపోదు, లింకే తెరుచుకోవడం లేదనుకోవాలి. దానికి మందు, జత మొత్తం తెంచి మళ్లీ కట్టడం. ఇది సగం సగం చేస్తే పని చేయదు, కాబట్టి ఈ వరసలో చేయండి.

1. ఫోన్‌లో కారు పేరు పక్కన `Forget` నొక్కండి.
2. స్టీరియో బ్లూటూత్ జాబితాలోంచి మీ ఫోన్ పేరు తీసేయండి. ఒకవైపే తీస్తే పాత వివరాలు రెండోవైపు మిగిలి ఉండి అవే తిరిగి వస్తాయి.
3. స్టీరియోని తాళం తిప్పి ఆపితే చాలదు. ఆండ్రాయిడ్ స్టీరియోలు అప్పుడు నిద్రలోకి మాత్రమే వెళ్తాయి, నిజంగా ఆరిపోవు. దాని సెట్టింగ్స్‌లో రీబూట్ ఎంచుకోండి, లేదా ముందువైపు `RST` అని రాసి ఉన్న సూది రంధ్రంలో పిన్నుతో నొక్కండి.
4. ఫోన్ కూడా రీస్టార్ట్ చేసి, వాచ్ బ్లూటూత్ ఆపేసి, అప్పుడు కొత్తగా జత చేయండి. కాంటాక్టులు, కాల్ హిస్టరీ అడిగినప్పుడు సరే అనండి.

ఫోన్‌లో పెద్ద ఆండ్రాయిడ్ అప్‌డేట్ వచ్చిన తర్వాత ఈ లోపం మొదలైతే చాలాసార్లు దీనితోనే పోతుంది.

వాట్సాప్ కాల్స్‌లో మాత్రమే మౌనం, మామూలు కాల్స్ బాగున్నాయి అంటే అది ఇదేదీ కాదు, చాలావరకు పర్మిషన్ సంగతి. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ పరికరాలతో మాట్లాడాలంటే యాప్‌కి విడిగా అనుమతి ఉండాలి. యాప్ సెట్టింగ్స్‌లో `Permissions` తెరిచి `Nearby devices`, `Microphone` రెండూ ఇచ్చి ఉన్నాయో చూడండి.

ఇక ఫోన్‌దా, కారుదా అని తేల్చే పరీక్ష. మీ ఫోన్‌ని ఏదైనా బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో కలిపి కాల్ చేయండి. అక్కడ మాట బాగా వస్తే ఫోన్ కాల్ దారి బాగుంది. మీ ఆవిడ ఫోన్‌తో కారులో మాట వినిపిస్తోందని మీరే రాశారు, అంటే కారులో కాల్ సౌండ్ స్పీకర్ల దాకా వచ్చే దారీ బాగుంది. రెండూ బాగుండి కలిసినప్పుడే మౌనమైతే మిగిలేది వాచ్ అడ్డం రావడం, జత చెడిపోవడం, లేదా ఫోన్‌కీ స్టీరియోకీ పొసగకపోవడం. చివరిదానికి ఒక గుర్తుంది: వాచ్ లేకుండా, కొత్తగా జత చేశాక కూడా కాల్‌లో పూర్తి మౌనం లేదా జల్లెడలో ఇసుక పోసినట్టు బరబర, అదే కారులో వేరే ఫోన్లు మాత్రం బాగుంటాయి. కొత్త ఫోన్లు 16 కిలోహెర్ట్జ్ హెచ్‌డీ గొంతు అడుగుతాయి, కొన్ని చౌక స్టీరియోలు ఒప్పుకున్నట్టే ఒప్పుకుని సరిగా నడపలేవు. ఫోన్‌లో దాన్ని ఆపే మామూలు స్విచ్ లేదు. షాపువాళ్లని స్టీరియో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడగాలి.

మీకు వర్తించదు గానీ ఇది చదివే మరొకరికి పనికొస్తుంది: ఏ ఫోన్ కలిపినా కారులో కాల్ వినపడదు, అవతలివాళ్లకి మాత్రం మీ మాట చక్కగా వినిపిస్తుంది అంటే స్టీరియోలో ముందు, వెనక స్పీకర్లకి సౌండ్ పంచే ఫేడర్ చూడండి. చాలా స్టీరియోలు కాల్‌ని ముందు స్పీకర్లలోనే వినిపిస్తాయి. ఫేడర్ పూర్తిగా వెనక్కి లాగి ఉన్నా, ముందు డోర్ స్పీకర్ వైరు ఊడినా పాటలు వెనకనుంచి వస్తూ ఉంటాయి కాబట్టి అనుమానం రాదు. ఫేడర్‌ని పూర్తిగా ముందుకి తోసి పాట పెట్టండి. పాటా వినపడకపోతే లోపం స్పీకర్‌ది లేదా దాని వైరుది.

ఇప్పుడు ఎకో

ఎకో గురించి ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలు: ఎవరికి తమ మాట తిరిగి వినిపిస్తోందో, తప్పు వాళ్ల అవతలివైపు ఉంటుంది. మీ అవతలివాళ్లకి వాళ్ల మాట తిరిగొస్తోంది కాబట్టి అది మీ కారులో పుడుతోంది. వాళ్ల గొంతు కారు స్పీకర్లలో వచ్చి, గాల్లోంచి కారు మైకులోకి దూరి, నెట్‌వర్క్ మీద వాళ్ల దగ్గరికే తిరిగి వెళ్తోంది. అదే మీ మాట మీకు తిరిగి వినిపిస్తే మీ కారుని ఎంత కెలికినా ఫలితం ఉండదు. అవతలివాళ్లు స్పీకర్‌ఫోన్‌లో ఉన్నారేమో అడగండి.

అసలు ప్రతి కారులోనూ ఈ దూరడం జరుగుతుంది, స్పీకర్లు నాలుగు, మైకు ఒకటి, అద్దాలు మూసిన డబ్బా. వినపడకుండా ఆపేది స్టీరియోలోని ఎకో క్యాన్సిలర్. స్పీకర్లకి తాను ఏ సౌండ్ పంపిందో దానికి తెలుసు, కాబట్టి మైకులో పడినదాంట్లోంచి దాన్ని తీసివేసి మిగిలిన మీ గొంతునే పంపుతుంది. ఈ పని తానే చేసుకుంటానని స్టీరియో ఫోన్‌కి `AT+NREC=0` అనే ఆదేశంతో ముందే చెబుతుంది, అప్పుడు ఫోన్ తన ఎకో తీసే పని ఆపేస్తుంది. చెప్పి, తాను సరిగా చేయని స్టీరియోతోనే చిక్కు: ఎకో తీసేవాళ్లు ఎవరూ ఉండరు. "ఫోన్ ప్రాబ్లం" అనే మాట ఇక్కడ ఎందుకు నిలబడదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీ ఆవిడ ఫోన్‌తో కాల్ కలిపి ముందుగా సౌండ్ ఎక్కడినుంచి వస్తోందో చెవి పెట్టి వినండి. డోర్ స్పీకర్లలోంచా, కప్పు హోల్డర్‌లో ఉన్న ఫోన్‌లోంచా? ఐఫోన్‌లో `Settings > Accessibility > Touch > Call Audio Routing` అనే చోట `Speaker` ఎంచుకుని ఉంటే కాల్స్ ఫోన్ స్పీకర్‌లోనే మొదలవుతాయి. అప్పుడు కప్పు హోల్డర్ అడుగున ఉన్న ఫోన్ మైకే మీ గొంతు పట్టుకుంటుంది, బావిలోంచి వచ్చినట్టు ఉండక తప్పదు. అక్కడ `Automatic` పెట్టండి. అలాగే `Settings > Bluetooth` లో కారు పేరు పక్కనున్న `i` నొక్కి `Device Type` ని `Car Stereo` గా పెట్టండి.

డోర్ స్పీకర్లలోంచే వస్తోంటే మైకు ఏదో పట్టుకోవాలి. కాల్ నడుస్తుండగా కారు మైకు మీద గోటితో మెల్లగా రెండుసార్లు తట్టండి. తర్వాత ఫోన్ కింది అంచు మీద తట్టండి. ఆ తర్వాత స్టీరియో ముఖం మీద `MIC` అని రాసి ఉన్న చిన్న రంధ్రం పక్కన తట్టండి. ఏది "టకటక"మని గట్టిగా వినిపించిందో అవతలి మనిషిని అడగండి. ఆ కాల్‌లో పనిచేస్తున్న మైకు అదే. అద్దం పక్క స్తంభానికి అందంగా అంటించిన మైకు తట్టితే ఏమీ వినపడక, స్టీరియో ముఖం తట్టితే వినిపించడం చాలా మామూలు. బయటి మైకు ప్లగ్గు పెట్టకుండా వదిలేశారన్న మాట, లేదా స్టీరియోలో లోపలి మైకే ఎంచుకుని ఉంది. ఇంకో మామూలు సంగతి, మైకు వైరుని చుట్ట చుట్టి డాష్‌బోర్డు వెనకే పడేయడం. అంటించిందైనా మన ఎండలకి జిగురు కరిగి ఊడి లోపలికి జారిపోతుంది. ఏడాది తర్వాత లోపం మొదలైందంటే ముందు అదే చూడాలి.

తర్వాతది వాల్యూం పరీక్ష, ఎకో విషయంలో దీనికి మించింది లేదు. కాల్‌లో కారు వాల్యూం సున్నాకి దించి, అవతలి మనిషిని అంకెలు లెక్కపెట్టమనండి. మీకు వినపడదు, ఫర్వాలేదు. ముప్పై దాకా లెక్కపెట్టాక వాల్యూం పెంచి, తన గొంతు తనకి తిరిగొచ్చిందా అని అడగండి. సున్నాలో ఎకో పోతే గాల్లోంచి మైకులోకి దూరుతున్నదే కారణం. సున్నాలోనూ ఉంటే రెండు దార్లు: కాల్‌ని కారు నుంచి తప్పించి ఫోన్‌లోనే చెవి దగ్గర మాట్లాడండి, అప్పుడూ ఉంటే నెట్‌వర్క్‌దో అవతలి ఫోన్‌దో, అప్పుడు పోతే స్టీరియో లోపలే అవతలి గొంతు మైకు దారిలోకి కారుతోంది. ఈ చివరిది అరుదు.

సున్నాలో పోయిందంటే, మళ్లీ మెల్లగా పెంచుకుంటూ ఏ అంకె దగ్గర ఎకో మొదలవుతోందో చూడండి. 40 ఆఖరున్న స్టీరియోలో 28 దగ్గర మొదలైతే అక్కడే స్పీకర్ సౌండ్ చిరగడం కూడా మొదలై ఉంటుంది. క్యాన్సిలర్ తాను పంపిన సౌండ్‌నే తీసివేయగలదు, సౌండ్ చిరిగి కొత్తగా పుట్టిన గరగర దాని లెక్కలో లేదు. బేస్ బూస్ట్, లౌడ్‌నెస్ ఆన్‌లో ఉంటే ఆపేయండి, చిరగడం వెనక్కి జరుగుతుంది. విడిగా యాంప్లిఫైయర్, సౌండ్‌ని సరిదిద్దే డీఎస్‌పీ వేయించుకున్నవాళ్లకి ఇంకో తంటా ఉంది. అవి సౌండ్‌ని కొంచెం ఆలస్యం చేస్తాయి, ఆ ఆలస్యం క్యాన్సిలర్ చూసే కిటికీ దాటితే తక్కువ వాల్యూంలోనూ ఎకో వస్తుంది. డీఎస్‌పీలో టైం అలైన్‌మెంట్ ఆపి చూడాలి.

10 దగ్గరే మొదలైతే మాత్రం మైకు చోటూ, గెయినూ తప్పు. గెయిన్ అంటే మైకులో పడిన సౌండ్‌ని స్టీరియో ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్. ఇక్కడ చేతులారా చేసుకునే పొరపాటొకటి ఉంది. మైకు దూరంగా ఉంది, గొంతు చిన్నగా వెళ్తోంది, కాబట్టి స్టీరియోలో మైకు గెయిన్ పెంచుతారు. గెయిన్ పెంచితే మీ గొంతుతో పాటు స్పీకర్ సౌండూ అంతే పెరుగుతుంది, బావిలో మాట్లాడినట్టు కూడా అలాగే ఉంటుంది. అదే మైకుని నోటికి 60 సెంటీమీటర్ల నుంచి 30కి తెస్తే మీ గొంతు మైకులో సుమారు రెండింతలవుతుంది, డోర్ స్పీకర్ సౌండ్ పెద్దగా మారదు. అంటే గెయిన్ సగానికి తగ్గించవచ్చు, ఎకో కూడా దానితో పాటు దిగుతుంది. చోటు ముందు మార్చి, గెయిన్ తర్వాత తగ్గించాలి.

మంచి చోట్లు రెండు: డ్రైవర్ సన్‌వైజర్ దగ్గర పైకప్పు అంచు, లేదా స్టీరింగ్ కాలమ్ పై కవరు. రెండోది నోటికి దగ్గరే గానీ ఏసీ గాలి దాని మీదికి రాకూడదు. అద్దం పక్క స్తంభం మీద పెట్టే అలవాటు షాపుల్లో ఎక్కువ, కానీ చాలా కార్లలో ట్వీటర్ అనే చిన్న స్పీకర్ సరిగ్గా ఆ మూలనే ఉంటుంది, దాని పక్కన మైకు పెడితే చేజేతులా ఎకోకి దారి ఇచ్చినట్టే. ఆ స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే వైరుని ఎయిర్‌బ్యాగ్ మీదుగా తీసుకెళ్లనివ్వకండి, దాని వెనకనుంచి పోవాలి. మైకు రంధ్రం నోటివైపు తిరిగి ఉండాలి. శాశ్వతంగా అంటించే ముందు సెల్లోటేపుతో తాత్కాలికంగా నిలబెట్టి ఒక కాల్ చేసి చూడండి.

గెయిన్ సెట్టింగ్ ఈ స్టీరియోల్లో మామూలు మెనూలో ఉండకపోవచ్చు, పాస్‌వర్డ్ ఉన్న ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ షాపువాళ్లని అడగండి. అక్కడ మైకు తప్ప ఏదీ ముట్టుకోకండి, కారు మోడల్ ఎంపిక మారిపోతే స్టీరింగ్ బటన్లూ రివర్స్ కెమెరా పోతాయి. మార్చే ముందు ఆ తెరని ఫోటో తీసుకోండి. గెయిన్‌ని ఒక్కో మెట్టు దించి, ఒక్కో కాల్ చేయండి. అవతలి మనిషి "ఎకో లేదు కానీ గొంతు చిన్నగా ఉంది" అన్నప్పుడు ఒక మెట్టు పైకెక్కి ఆగండి.

మధ్యలో ఎవరైనా "కేబుల్‌తో పెట్టి చూడు" అని సలహా ఇస్తారు. ఆండ్రాయిడ్ ఆటోలో కేబుల్ పెట్టినా కాల్ గొంతు బ్లూటూత్ మీదనే వెళ్తుంది, కాబట్టి మీ ఫోన్‌తో ఆ పరీక్ష ఏమీ తేల్చదు.

చోటు మార్చి, గెయిన్ దించి, వాల్యూం సగంలో ఉన్నా ఎకో పోకపోతే, అప్పుడు కొత్త మైకు వేసి చూడండి. షాపుకి వెళ్లేటప్పుడు "సౌండ్ సరిగా రావట్లేదు" అనకుండా ఇలా చెప్పండి: "తట్టి చూస్తే మైకు ఇదే పనిచేస్తోంది, వాల్యూం సున్నాలో ఎకో లేదు, 10 దగ్గర మొదలవుతోంది, రెండు ఫోన్లతోనూ అంతే." అందుకే మీ ఫోన్‌లో కాల్ సౌండ్ సరిచేశాక దానితోనూ ఎకో పరీక్ష ఒకసారి చేయండి. అదే అంకె దగ్గర మొదలైతే ఐఫోన్ మీద ఏ అనుమానమూ మిగలదు. కొత్త మైకుతోనూ అంతే ఉంటే ఆ స్టీరియోలో క్యాన్సిలర్ పని చేయడం లేదని అర్థం, స్టీరియో మార్చమని అడగాల్సింది అప్పుడే, వారంటీ కాగితంతో.